చార్ట్ టైటిల్‌లో తేలిన విషయం చెప్పడం ఎలా: ఆంధ్రప్రదేశ్ సంతానోత్పత్తి గ్రాఫ్‌తో ఒక పరిశీలన

క్లుప్తంగా: చార్ట్ పైన "సంవత్సరం వారీగా ఫలానా రేటు" అని రాస్తే అందులో ఏ కాలమ్‌లు వాడారో తెలుస్తుంది, ఏం తేలిందో తెలియదు. తేలిన విషయాన్నే టైటిల్‌గా పెడితే పాఠకుడికి దారి దొరుకుతుంది. అయితే పాఠకుడు గుర్తుపెట్టుకునేది చాలావరకు ఆ టైటిల్‌నే కాబట్టి, డేటా ఎంతవరకు చెబుతోందో అంతవరకే రాయాల్సిన బాధ్యత కూడా పెరుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని సంతానోత్పత్తి అంకెల మీద ఒక టైటిల్‌ను మొదటి నుంచి చివరిదాకా తయారుచేసి చూస్తే ఈ రెండూ ఎలా కుదురుతాయో అర్థమవుతుంది.

## ఒక గ్రాఫ్, ఎన్నో అర్థాలు

స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయాలంటే ఇద్దరికి మించి పిల్లలు ఉండకూడదన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఏళ్లు అమల్లో ఉంది. దాన్ని తొలగించే బిల్లులను 2024 నవంబరులో శాసనసభ ఆమోదించింది. అప్పటి నుంచి టీవీ చర్చల్లో, పత్రికల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఒక గ్రాఫ్ ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంది: దేశంలోనూ రాష్ట్రంలోనూ ఒక మహిళకు సగటున ఎంతమంది పిల్లలు అన్నది. నియోజకవర్గాల పునర్విభజన మీద చర్చ మొదలైనా చివరికి అదే గ్రాఫ్ దగ్గరికి వస్తారు.

దాని వెనకున్న అంకెలు ఇవి. మొదటి మూడు సర్వేల్లో ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కలిసి ఉన్న ఉమ్మడి రాష్ట్రం. చివరి రెండింటిలో విభజన తర్వాతి రాష్ట్రం.

| సర్వే | భారత్ | ఆంధ్రప్రదేశ్ |
|---|---|---|
| 1992–93 | 3.4 | 2.6 |
| 1998–99 | 2.9 | 2.3 |
| 2005–06 | 2.7 | 1.8 |
| 2015–16 | 2.2 | 1.8 |
| 2019–21 | 2.0 | 1.7 |

రెండు గీతలు, పది చుక్కలు. ఇంత చిన్న గ్రాఫ్‌కే ఒకరు "జనాభా తగ్గిపోతోంది" అని, మరొకరు "కుటుంబ నియంత్రణ విజయం" అని పేరు పెడతారు. ఇంకొకరు "మొత్తం సంతానోత్పత్తి రేటు – భారత్, ఆంధ్రప్రదేశ్ (1992–2021)" అని రాసి ఊరుకుంటారు. మూడోదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ గ్రాఫ్ ఎందుకు చూపిస్తున్నారో కూడా అందులో లేదు.

## కాలమ్ పేర్లే టైటిల్ ఎందుకవుతున్నాయి

సగం కారణం సాఫ్ట్‌వేర్. ఎక్సెల్‌లో ఒకే సిరీస్ ఉన్న చార్ట్ గీస్తే ఆ కాలమ్ హెడింగే టైటిల్‌గా వచ్చి కూర్చుంటుంది. రెండు మూడు సిరీస్‌లు ఉంటే `Chart Title` అనే ఖాళీ పేరు వస్తుంది. పవర్ బీఐ తనంతట తాను `Sum of TFR by Year` లాంటి పేరు పెడుతుంది. రేట్లను కూడటంలో అర్థం లేకపోయినా ఆ `Sum of` అలాగే రిపోర్టుల్లోకి వెళ్లిపోతుంటుంది. టాబ్లో అయితే షీట్ పేరునే తీసుకుంటుంది. ఈ పేర్లన్నీ చార్ట్ గీసిన క్షణంలో పుట్టినవి. అప్పటికి గీసిన మనిషి కూడా దాన్ని సరిగా చూసి ఉండడు.

మిగతా సగం మొహమాటం. ప్రభుత్వ శాఖల్లో, పరిశోధన సంస్థల్లో పనిచేసేవారికి "మనం అంకెలు ఇద్దాం, అర్థం వాళ్లే చెప్పుకుంటారు" అనే అలవాటు బలంగా ఉంటుంది. తేలిన విషయాన్ని పైన రాస్తే పక్షపాతం చూపినట్టవుతుందన్న భయం దీని వెనక ఉంది. ఆ భయం పూర్తిగా అర్థం లేనిది కాదు, దాని సంగతి కిందికి వెళ్లాక వస్తుంది. కానీ పేరు మోసిన గణాంక సంస్థలే ఈ చిక్కుకు ఒక దారి చూపాయి. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం తన చార్ట్‌ల మీద రెండు వరుసలు రాస్తుంది. పై వరుసలో ఏం తేలిందో ఒక వాక్యం, కింది వరుసలో ఏ కొలత, ఏ ప్రాంతం, ఏ కాలం అన్న వివరం. మొదటి వరుస వచ్చిందని రెండోదాన్ని తీసేయలేదు, ఒక మెట్టు కిందికి దించారు, అంతే.

## చూసినవాళ్లకు గుర్తుండేది ఏది

చార్ట్‌లు చూసేటప్పుడు కళ్లు ఎక్కడ ఆగుతాయో, తర్వాత ఏం గుర్తుంటుందో మిషెల్ బోర్కిన్ బృందం హార్వర్డ్, ఎంఐటీల్లో కనుచూపును నమోదుచేసే పరికరాలతో పరిశీలించింది. 2015లో వెలువరించిన ఆ ఫలితాల్లో టైటిల్‌కు దక్కిన చోటు చాలా పెద్దది. చార్ట్ తీసేశాక అందులో ఏముందో రాయమంటే, చాలామంది టైటిల్‌లోని మాటలనే తిప్పి రాశారు. టైటిల్‌లో అసలు సంగతి ఉన్నప్పుడు వాళ్ల వివరణ కూడా దానికి దగ్గరగా వచ్చింది.

ఇంతవరకు వింటే తేలిన విషయాన్ని టైటిల్‌గా పెట్టడం లాభమేనని అనిపిస్తుంది. అయితే ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన హా-క్యుంగ్ కాంగ్, కేరీ కరహాలియోస్ తదితరులు 2018లో వెలువరించిన అధ్యయనం రెండో వైపు చూపించింది. వివాదాస్పద అంశాల మీద ఒకే చార్ట్‌కు ఎదురెదురు ధోరణుల్లో టైటిళ్లు పెట్టి వేర్వేరు జనానికి చూపించారు. చూసినవాళ్లు టైటిల్‌ను బట్టి ఎదురెదురు సారాంశాలు చెప్పారు. పైగా ఎక్కువమంది ఆ చార్ట్ తటస్థంగానే ఉందనుకున్నారు. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో అడుగు ముందుకు వేసి, చార్ట్ చూపేదానికి పొంతన లేని టైటిళ్లు పెట్టి చూసింది. అప్పుడు కూడా జనానికి గుర్తున్నది చార్ట్ కంటే టైటిల్ చెప్పిందే.

ఈ రెండింటినీ కలిపి చదవాలి. టైటిల్ తప్పయితే కింద ఉన్న గీత దాన్ని సరిదిద్దుతుందని ఆశించలేం.

## పది చుక్కల నుంచి ఒక వాక్యం

ఇప్పుడు మన గ్రాఫ్‌కు వద్దాం. తేలిన విషయం చెప్పాలని కూర్చున్నవారికి మొదట తట్టేది "సంతానోత్పత్తి రేటు తగ్గుతోంది" అన్న మాట. ఇది వాక్యమే, ఫలితమే, కానీ పలచనిది. ఏ దేశపు గ్రాఫ్ మీదైనా అతికించవచ్చు. పైగా పూర్తిగా నిజం కూడా కాదు: 2005–06కూ 2015–16కూ మధ్య ఆంధ్రప్రదేశ్ అంకె కదల్లేదు. ఆ పదేళ్లలో తగ్గింది దేశం సగటు.

గ్రాఫ్‌లో నిజంగా చూడదగ్గ చోటు 2.1 దగ్గర ఉంది. దీన్ని భర్తీ స్థాయి అంటారు. ఒక తరం తన స్థానంలో అంతే సంఖ్యలో మరో తరాన్ని ఇవ్వాలంటే మహిళకు సగటున సుమారు 2.1 పిల్లలు ఉండాలని లెక్క. శిశు మరణాలు, ఆడ–మగ శిశువుల నిష్పత్తిని బట్టి ఈ అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998–99లో దీనికి పైన, 2005–06లో కింద ఉంది. దేశం 2015–16లో పైన, 2019–21లో కింద ఉంది. ఎవరు ముందు, ఎంత ముందు అన్నదే ఈ గ్రాఫ్ చెప్పే వార్త.

ఎంత ముందు? ఇక్కడే చాలామంది తొందరపడతారు. 2005–06 నుంచి 2019–21 దాకా లెక్కేసి "15 ఏళ్ల ముందే" అని రాసేస్తారు. కానీ సర్వే ఏడాది అంటే గీత దాటిన ఏడాది అని అర్థం కాదు. రాష్ట్రం 1998–99 తర్వాత ఎప్పుడో, 2005–06 లోపు ఎప్పుడో దాటింది. దేశం కూడా అంతే, 2015–16కూ 2019–21కీ మధ్య ఎప్పుడో. రాష్ట్రం వీలైనంత ఆలస్యంగా, దేశం వీలైనంత తొందరగా దాటాయనుకుంటే తేడా పదేళ్లు. దానికి పూర్తి తలకిందులుగా అనుకుంటే ఇరవై ఏళ్ల పైమాటే. సర్వే అంకె ఆ ఏడాదిది కాదు, దానికి ముందు మూడేళ్ల జననాల నుంచి లెక్కగట్టింది. అయితే ఆ సర్దుబాటు రెండు గీతలకూ ఒకేలా వర్తిస్తుంది కాబట్టి తేడా మారదు. అంటే ఈ డేటా మీద నిలబడే మాట "కనీసం పదేళ్లు". "15 ఏళ్లు" నిజం అయ్యుండవచ్చు, కాకపోనూవచ్చు. ఈ పది చుక్కలు మాత్రం ఆ మాట చెప్పడం లేదు.

ఇంకో చిక్కు మిగిలింది. 2005–06లో గీత దాటింది ఉమ్మడి రాష్ట్రం. ఈనాటి ఆంధ్రప్రదేశ్ విడిగా ఎప్పుడు దాటిందో, తెలంగాణ విడిగా ఎప్పుడు దాటిందో ఈ గ్రాఫ్‌లో లేదు. "ఉమ్మడి" అన్న ఒక్క మాట టైటిల్‌లో లేకపోతే హైదరాబాద్‌లో చదివేవారికి ఒక అర్థం, విజయవాడలో చదివేవారికి ఇంకో అర్థం అవుతుంది. ఇవన్నీ సర్దితే ఇలా వస్తుంది:

> దేశం కంటే కనీసం పదేళ్ల ముందే భర్తీ స్థాయి దిగువకు చేరిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్
> మహిళకు సగటు పిల్లల సంఖ్య (మొత్తం సంతానోత్పత్తి రేటు), 1992–93 నుంచి 2019–21. చివరి రెండు సర్వేలు విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌వి.

మొదట అనుకున్న కాలమ్ పేర్లు ఎక్కడికీ పోలేదు, కింది వరుసలో భద్రంగా ఉన్నాయి. ఏ సర్వే అన్నది చార్ట్ అడుగున చిన్న అక్షరాల్లో వస్తుంది. పై వరుసను అనుమానించేవారికి సరిచూసుకోవడానికి కావాల్సినవన్నీ కళ్లముందే ఉంటాయి.

ఇదే గ్రాఫ్ నుంచి మరో నిజమైన టైటిల్ కూడా రాయవచ్చు: "రాష్ట్రానికీ దేశానికీ మధ్య తేడా 2005–06లో 0.9, 2019–21లో 0.3". దక్షిణాది, ఉత్తరాది దగ్గరవుతున్నాయా అన్న చర్చకు ఇది పనికొస్తుంది, మొదటిది పనికిరాదు. రెండూ నిజాలే కాబట్టి ఏది పైకి రావాలన్నది వ్యాసం అడుగుతున్న ప్రశ్నను బట్టి తేల్చుకోవాల్సిందే. కాలమ్ పేర్లు రాసి ఊరుకున్నంత మాత్రాన ఈ ఎంపిక తప్పదు. టైటిల్ చేయాల్సిన ఎంపికను అప్పుడు గీతల రంగో, ఇరుసు ఎక్కడ మొదలైందన్నదో చేస్తుంది, ఎవరికీ చెప్పకుండా.

## టైటిల్ మారితే గీత కూడా మారాలి

టైటిల్ 2.1 గురించి మాట్లాడుతోంటే చార్ట్‌లో 2.1 కనిపించాలి. ఎక్సెల్ గీసి ఇచ్చిన గ్రాఫ్‌లో ఆ గీత ఉండదు. మరో సిరీస్‌గా ఐదు చోట్లా 2.1 వేసి, సన్నని బూడిదరంగు చుక్కల గీతగా మార్చి, పక్కన "భర్తీ స్థాయి" అని రాయాలి. రాష్ట్రం గీతకు ముదురు రంగు, దేశం గీతకు లేత రంగు ఇస్తే, టైటిల్ చదివిన కన్ను నేరుగా ఆ దాటిన చోటికి దిగుతుంది. టైటిల్‌లోని ప్రతి మాటకూ చార్ట్‌లో వేలు పెట్టి చూపగల చోటు ఉందా అన్నది మంచి పరీక్ష. "కనీసం పదేళ్ల" అన్నదానికి వేలు పెట్టాలంటే 2005–06, 2015–16 చుక్కల మధ్య దూరం కనపడాలి.

ఆ దూరమే చాలా చార్ట్‌లలో తప్పుగా ఉంటుంది. ఈ సర్వేల మధ్య ఎడం సమానం కాదు: ఆరేళ్లు, ఏడేళ్లు, పదేళ్లు, తర్వాత నాలుగైదేళ్లు. "2005–06" లాంటి పేర్లను ఎక్సెల్ తేదీలుగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుని సమాన దూరాల్లో పేర్చేస్తుంది. దాంతో చివరి సర్వేల మధ్య తగ్గుదల ఉన్నదానికంటే మెల్లగా, పదేళ్ల విరామంలోని తగ్గుదల ఉన్నదానికంటే వేగంగా కనిపిస్తాయి. లైన్ చార్ట్ బదులు స్కాటర్ చార్ట్ తీసుకుని, అడ్డ ఇరుసు మీద 1992.5, 1998.5 లాంటి అంకెలిస్తే ఎడం సరిపోతుంది. కాలమ్ పేర్ల టైటిల్ ఉన్నప్పుడు ఈ తప్పును ఎవరూ గమనించరు. కాలం గురించి ఒక మాట గట్టిగా చెప్పే టైటిల్ పెట్టాక అది వెంటనే బయటపడుతుంది.

## హద్దు దాటే టైటిళ్లు

"ఆంధ్రప్రదేశ్ జనాభా తగ్గిపోతోంది" అన్న టైటిల్ ఈ గ్రాఫ్ మీద తరచూ కనిపిస్తుంది. గ్రాఫ్‌లో జనాభా ఎక్కడా లేదు. సంతానోత్పత్తి రేటు భర్తీ స్థాయి కిందికి వచ్చినా, పిల్లల్ని కనే వయసువాళ్లు ఎక్కువ సంఖ్యలో ఉన్నంతకాలం మరణాల కంటే జననాలే ఎక్కువగా ఉంటాయి, జనాభా కొన్ని దశాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుంది. వలసల లెక్క వేరే. కొలిచింది ఒకటి, టైటిల్‌లో పలికింది మరొకటి. హద్దు దాటడంలో అతి సాధారణమైన రకం ఇది.

"చిన్న కుటుంబం ప్రచారంతో తగ్గిన జననాలు" అన్నది రెండో రకం. ఆడపిల్లల చదువు, పెళ్లి వయసు, శిశు మరణాలు తగ్గడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇలా ఎన్నో కారణాల మీద జనాభా శాస్త్రజ్ఞులు రాశారు. ఆ వాదనలు సరైనవే కావచ్చు. ఈ గ్రాఫ్ మీద మాత్రం రెండు రేట్లు, కాలం తప్ప ఏమీ లేవు. కారణం చెప్పదలిస్తే వ్యాసంలో ఆధారంతో చెప్పాలి. టైటిల్‌లో "వల్ల", "తో", "కారణంగా" కనిపించగానే ఆగి, ఆ కారణం చార్ట్‌లో ఒక గీతగానైనా ఉందా అని చూడాలి.

మూడో రకం సూక్ష్మమైనది: "ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తగ్గిన సంతానోత్పత్తి, తెలంగాణలో నిలకడ". చివరి రెండు సర్వేల్లో ఆంధ్రప్రదేశ్ 1.8 నుంచి 1.7కు వచ్చింది, తెలంగాణ రెండింటిలోనూ 1.8. అంకెలు సరైనవే. అయితే ఇది ఇంటింటి జనగణన కాదు, శాంపిల్ సర్వే. రాష్ట్ర స్థాయి శాంపిల్ దేశం శాంపిల్‌తో పోలిస్తే చాలా చిన్నది కాబట్టి 0.1 తేడా శాంపిల్ మారినందువల్లే వచ్చి ఉండవచ్చు. పైగా ఒకే దశాంశానికి కుదించిన అంకెల్లో 0.1 తేడా అసలు ఎంతో కూడా స్పష్టంగా ఉండదు. సర్వే నివేదికలో పొరపాటు పరిధి చూసి, ఆ రెండు అంచనాల పరిధులు బాగా కలిసిపోతుంటే "రెండు రాష్ట్రాలూ భర్తీ స్థాయికి దిగువనే" అన్నంతవరకు ఆగాలి. అది చప్పగా ఉండవచ్చు కానీ నిలబడుతుంది.

ఏమీ తేలని చార్ట్‌లూ ఉంటాయి. పరిశీలన దశలో గీసుకునే పదుల గ్రాఫ్‌లకు కాలమ్ పేర్లే సరైన టైటిళ్లు. ముందే ఫలితం రాసుకుంటే కన్ను దాన్నే వెతుకుతుంది. పాఠకుడు తన జిల్లా అంకె వెతుక్కునే పెద్ద పట్టికలకు, పటాలకు కూడా అంతే.

## నెల నెలా మారే చార్ట్‌లు

అచ్చయిన గ్రాఫ్ మారదు. డాష్‌బోర్డు మీది గ్రాఫ్ మారుతుంది, టైటిల్ మారదు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నెలవారీ రిపోర్టులో "ఓపీ పెరిగింది" అని టైప్ చేసి పెడితే, వచ్చే నెల ఓపీ తగ్గినా పైన అదే ఉంటుంది. జనానికి గుర్తుండేది టైటిలే అన్న సంగతి ఇక్కడ నష్టంగా మారుతుంది. అందుకే మారే డేటాకు రెండే మార్గాలు: కాలమ్ పేర్లకు తిరిగి వెళ్లడం, లేదా టైటిల్‌ను కూడా డేటా నుంచే పుట్టించడం.

ఎక్సెల్‌లో రెండోది తేలిక. గత నెల ఓపీ `C1`లో, ఈ నెలది `C2`లో ఉందనుకుంటే, `A1`లో ఇలా రాయవచ్చు:

```
=IF(ABS(C2-C1)<C1*0.05,"ఓపీ దాదాపు గత నెలంతే",
 IF(C2>C1,"ఓపీ గత నెల కంటే పెరిగింది","ఓపీ గత నెల కంటే తగ్గింది"))
```

తర్వాత చార్ట్ టైటిల్ మీద ఒకసారి క్లిక్ చేసి, ఫార్ములా బార్‌లో `=Sheet1!$A$1` అని కొట్టి ఎంటర్ నొక్కితే టైటిల్ ఆ సెల్‌ను అనుసరిస్తుంది. ఫార్ములాలో మొదటి వరుసే ముఖ్యం. అది లేకపోతే ఇద్దరు రోగులు తగ్గినా "తగ్గింది" అని పెద్ద అక్షరాల్లో వచ్చేస్తుంది. ఐదు శాతం అన్నది ఇక్కడ ఉదాహరణకు పెట్టిన హద్దు మాత్రమే. ఆ కేంద్రంలో మామూలుగా నెలనెలా ఎంత హెచ్చుతగ్గులుంటాయో పాత రిజిస్టర్ చూసి హద్దు పెట్టుకోవాలి. పండుగ నెలలు, వర్షాకాలం జ్వరాలు ఉన్నచోట గత నెలతో కాక గత ఏడాది ఇదే నెలతో పోల్చడం మేలు. పవర్ బీఐలో టైటిల్ సెట్టింగ్ పక్కనున్న `fx` బటన్‌తో ఇదే పని ఒక మెజర్ ద్వారా చేయవచ్చు.

## తెలుగులో పెట్టేటప్పుడు

ఫలితాన్ని వాక్యంగా చెప్పే టైటిల్ పొడవవుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఆ పొడవు ఇంకా భారమవుతుంది. రెండు వరుసలు దాటితే ఫోన్‌లో అసలు మాట మడత కింద పడిపోతుంది. మన ఉదాహరణలో "దేశం కంటే కనీసం పదేళ్ల ముందే" అన్నది మొదట రావడానికి కారణం అదే. టైటిల్ సగంలో తెగినా పోలిక మిగులుతుంది.

పైథాన్‌లో `matplotlib`తో గీసేవారికి మరో ఇబ్బంది ఉంది. దాని డిఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు, డబ్బాలు వస్తాయి. తెలుగు ఫాంట్ ఇచ్చినా చాలా వెర్షన్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి "భర్తీ స్థాయి" చదవలేనట్టు తయారవుతుంది. చాలామంది ఇంగ్లిష్ కాలమ్ పేర్లు అలాగే వదిలేయడానికి ఇదీ ఒక కారణం. చార్ట్‌ను టైటిల్ లేకుండా బొమ్మగా దాచుకుని, టైటిల్‌నూ దాని కింది వరుసనూ పేజీలో మామూలు తెలుగు టెక్స్ట్‌గా పెడితే ఈ బాధ ఉండదు. అలా చేస్తే స్క్రీన్ రీడర్ వాడే చూపులేని పాఠకులకూ ఆ వాక్యం వినిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. బొమ్మను మాత్రమే కత్తిరించి ఫార్వర్డ్ చేస్తే టైటిల్ వెనకే ఉండిపోతుంది కాబట్టి, పంచుకోవడం కోసం రెండూ కలిసిన బొమ్మ ఒకటి విడిగా ఇవ్వాలి.